రోజుకు నలభై తొమ్మిది

బెంజ్ సర్కిల్ నుంచి లోపలికి తిరిగే ఒక వీధిలో, మందుల షాపు పైన మొదటి అంతస్తులో, చెవి మిషన్లు అమ్మేచోట నేను నాలుగేళ్లు పనిచేశాను. షాపు సార్‌ది. చెవి పరీక్ష కూడా ఆయనే చేసేవారు. బయటి చప్పుడు రాని చిన్న గదిలో మనిషిని కూర్చోబెట్టి, హెడ్‌ఫోన్లు పెట్టి, వినపడినప్పుడల్లా బటన్ నొక్కమనేవారు. పరీక్ష అయ్యాక ఆ మనిషి నా బల్ల దగ్గరికి వచ్చేవాడు. ధర చెప్పడం నా పని.

ధర చెప్పడం కూడా ఒక పనేనని అక్కడ చేరేదాకా నాకు తెలియదు. మొదటి రోజుల్లో ఉన్నదున్నట్టు చెప్పేదాన్ని. "రెండు చెవులకీ కలిపి ఎనభై తొమ్మిది వేల ఐదు వందలండీ." వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకునేవాళ్లు. ఇంట్లో మాట్లాడుకుని వస్తామనేవాళ్లు. మెట్లు దిగే చప్పుడు వినేదాన్ని. చాలామంది మళ్లీ వచ్చేవాళ్లు కాదు.

ఒకరోజు మధ్యాహ్నం ఎవరూ లేనప్పుడు సార్ నా ఎదురుగా కూర్చున్నారు.

"నువ్వు ఎనభై తొమ్మిది వేలనగానే వాళ్లకి ఏం గుర్తొస్తుందో తెలుసా?" అన్నారు. "బండి గుర్తొస్తుంది. పిల్లల కాలేజీ ఫీజు గుర్తొస్తుంది. వాటి పక్కన చెవి మిషన్ నిలబడదమ్మా. చిన్న అంకె చెప్పు. చిన్న ఖర్చులు గుర్తొస్తాయి. వాటి పక్కన నిలబడుతుంది."

క్యాలిక్యులేటర్ తీసి అయిదేళ్ల రోజులతో భాగించారు. నలభై తొమ్మిది వచ్చింది.

"రెండు టీలు, ఒక ప్లేటు ఇడ్లీ," అన్నారు. "వినపడటానికి ఆ మాత్రం పెట్టలేరా?"

"అయిదేళ్లే ఎందుకు సార్? వారంటీ రెండేళ్లే కదా?"

"వారంటీ వేరు, ఆయుష్షు వేరు. శుభ్రంగా వాడుకుంటే అయిదేళ్లు వస్తుంది."

ఆయన చెప్పింది అబద్ధం కాదు. ఆరేళ్ల నాటి మిషన్ పెట్టుకుని సర్వీసుకు వచ్చేవాళ్లు మాకు ఉండేవారు. తరువాత నేనే ఊరికే రెండేళ్లతో భాగించి చూశాను. నూట ఇరవై రెండు పైన వచ్చింది. వస్తువు అదే, కట్టే డబ్బూ అదే. రోజులు ఎన్ననుకుంటామో దాన్నిబట్టి ధర రెండింతలకు పైగా మారిపోయింది. బ్యాటరీలు ఆ లెక్కలో లేనేలేవు. రెండు చెవులకూ కలిపి వారానికి రెండు మార్చాలి, ఒక్కోటీ నలభై రూపాయలు. అంటే రోజుకు ఇంకో పదకొండు రూపాయలు దాటుతుంది. వచ్చినవాళ్లకు చూపించడానికి సార్ వేయించిన కార్డు అచ్చయి వచ్చినప్పుడు దానిమీద పెద్ద అక్షరాల్లో "రోజుకు కేవలం ₹49" అని మాత్రమే ఉంది.

కార్డు పనిచేసింది. ధర విన్నాక లేచి వెళ్లిపోయేవాళ్లు కూర్చోవడం మొదలుపెట్టారు. మిగతా ప్రశ్నలు అడిగేవాళ్లు. తల ఊపేవాళ్లు. కానీ అన్ని మిషన్లకూ పనిచేయలేదు. మా దగ్గర అన్నిటికంటే ఖరీదైన జత రెండు లక్షల ముప్పై తొమ్మిది వేలు. దానికీ అలాగే లెక్కవేసి ఒకాయనతో రోజుకు నూట ముప్పై ఒకటి అన్నాను. ఆయన వేళ్లమీద లెక్కవేసుకుని, "నెలకి నాలుగు వేలా! మా ఇంటి కరెంటు బిల్లు, గ్యాసు కలిపినా అంత కాదే," అన్నాడు. రోజూ నూట ముప్పై రూపాయలు ఆలోచించకుండా ఎవరూ ఖర్చుపెట్టరు. టీ పక్కన పెట్టదగ్గ అంకె కాదది. ఆ మాట సార్‌తో చెబితే, "దానికి కార్డు చూపించకు. దాని గుణం చెప్పి మొత్తం ధర చెప్పు," అన్నారు. రోజు లెక్క చిన్న వాటికే పనికొస్తుందని అలా తెలిసింది.

భవానీపురం నుంచి ఒక మాస్టారూ ఆయన భార్యా వచ్చింది ఆ రోజుల్లోనే. ఆయన ఎలిమెంటరీ స్కూల్లో హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. తెల్ల చొక్కా, జేబులో రెండు పెన్నులు. పరీక్ష జరుగుతున్నంతసేపూ ఆవిడ నా దగ్గర కూర్చుని ఇంటి సంగతి చెప్పింది. టీవీ ఎంత పెద్దగా పెడతారో, పక్కింటివాళ్లు ఏమంటున్నారో, తను ఒక్క మాట నాలుగుసార్లు చెప్పి చెప్పి చివరికి చెప్పడమే మానేసిందట.

నేను కార్డు ముందుకు జరిపాను. ఆవిడ కళ్లజోడు సరిచేసుకుని చదివింది.

"లీటరు పాలకంటే తక్కువే," అంది. తరువాత నేను ఊహించని ప్రశ్న అడిగింది. "రోజూ ఎవరైనా ఇంటికొచ్చి తీసుకెళ్తారామ్మా?"

మా దగ్గర అలా ఎవరూ అడగలేదు. వాళ్ల వీధిలో రోజువారీ వసూలుకు వచ్చే ఫైనాన్సువాళ్లు ఉన్నారు. రోజు ధర అంటే రోజూ కట్టేదని ఆవిడ అనుకుంది. అలా అనుకోవడంలో తప్పేమీ లేదు.

"లేదండీ, మొత్తం ముందే కట్టేస్తారు. రోజుకి పడేది అంత అని లెక్క," అన్నాను.

"మరి పనికిరాకపోతే మధ్యలో ఆపేయొచ్చా?"

"ఇక అది మీదే కదండీ, ఆపేదేముంది?"

ఆ జవాబు ఎంత నున్నగా వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తుంది. ఆవిడ అడిగింది ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి. మాస్టారు గదిలోంచి బయటికి వచ్చాక ఆవిడ ఆయన చెవి దగ్గరికి వంగి, "నలభై తొమ్మిదేనంట!" అని గట్టిగా చెప్పింది. నాలుగు రోజుల తరువాత బ్యాంకులో డిపాజిట్ తీసి డబ్బు తెచ్చి కట్టారు.

మిషన్ కొత్తగా పెట్టుకున్నవాళ్లు మొదటి రెండు నెలల్లో మూడు నాలుగుసార్లు రావాలి. చెవికి అలవాటయ్యేకొద్దీ చప్పుడు ఎక్కువ తక్కువలు సరిచేయాలి. ఆ మాట సార్ ప్రతివారికీ చెప్పేవారు. మాస్టారు వాళ్లు డబ్బు కట్టిన రోజు జనం ఎక్కువగా ఉండటంతో ఆ పని నాకు అప్పజెప్పారు. "ఏదైనా ఇబ్బందుంటే రండి," అని మాత్రం నేను అన్నాను.

ఆ తరువాత కొన్ని వారాలకు వన్ టౌన్ నుంచి పప్పుల హోల్‌సేల్ వ్యాపారి ఒకాయన వచ్చాడు. ఫోన్లో అంకెలు సరిగా వినపడటం లేదట. అరవై అంటే డెబ్భై అని విని ఒకసారి నష్టపోయానని చెప్పాడు. కార్డు చూసి నవ్వాడు.

"కిలో రేటు చెప్తున్నావు. బస్తా రేటు చెప్పమ్మా," అన్నాడు.

చెప్పాను. ఆయన ఉలిక్కిపడలేదు. జేబులోంచి డబ్బు తీసి ఏడు వందల ముప్పై అయిదు రూపాయలు లెక్కపెట్టి బల్లమీద పెట్టాడు.

"పదిహేను రోజులకి. రోజుకి నలభై తొమ్మిది చొప్పున. వాడి చూస్తా. నచ్చితే మళ్లీ ఇస్తా, లేకపోతే నీ మిషన్ నీకు తెచ్చిస్తా."

"అలా కుదరదండీ."

"ఎందుకు కుదరదు? రోజుకి ఇంత అని నువ్వే రాశావుగా?"

సార్‌ను పిలిచాను. సార్ వచ్చి నవ్వుతూ, ఇది అద్దె కాదనీ చెవిలో పెట్టే వస్తువనీ సర్దిచెప్పారు. వ్యాపారి అంతా విన్నాడు, లేదా విన్నట్టు తల ఊపాడు. డబ్బు మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"మేమూ కిలో రేటే చెప్తామండీ. బస్తా ధర చెప్తే జనం భయపడతారని మాకూ తెలుసు. కానీ కిలో రేటు చెప్పాక కిలో కావాలంటే కిలో తూచి ఇవ్వాలి. ఇవ్వనప్పుడు అది కిలో రేటు కాదు," అన్నాడు. కోపం లేదు. వ్యాపారం తెలిసినవాడు ఇంకో వ్యాపారితో మాట్లాడినట్టు మాట్లాడి వెళ్లిపోయాడు.

సార్ ఆ రోజంతా మామూలుగానే ఉన్నారు. నేను మాత్రం ఆ మాట మర్చిపోలేకపోయాను. నేను ఏనాడూ ఒక్క రోజును అమ్మలేదు. ఎవరైనా ఒక్క రోజు కావాలంటే ఇవ్వడానికి నా దగ్గర లేదు.

ఆరు నెలలకు మాస్టారి సర్వీసు తేదీ వచ్చింది. ఫోన్ చేస్తే ఆవిడే ఎత్తింది. పొడిపొడిగా మాట్లాడింది. మర్నాడు ఇద్దరూ వచ్చారు. మిషన్లు ఆయన చెవులకు లేవు. ఆవిడ బ్యాగులోంచి, కొన్ననాటి డబ్బాలోనే, బయటికి వచ్చాయి.

సార్ వాటిని కంప్యూటర్‌కు కలిపారు. ఎన్ని గంటలు వాడారో మిషన్ తనే లెక్క పెట్టుకుంటుంది. సగటున రోజుకు అరగంట కూడా లేదు.

"ఇరవై రెండు రోజులు," అంది ఆవిడ.

"ఏంటండీ?"

"ఆయన పెట్టుకుంది. మా ఇంట్లో క్యాలెండర్ మీద టిక్కు పెడుతున్నా. మిగతా రోజులన్నీ సున్నా."

ఆరు నెలలుగా ఆ ఇంట్లో ఏం జరిగిందో ఆవిడ మెల్లిగా చెప్పింది. మిక్సీ వేస్తే ఆయన చెవులు మూసుకునేవారు. వీధిలో బస్సు హారన్ కొడితే ఉలిక్కిపడి మిషన్లు ఊడదీసేవారు. గిన్నెల చప్పుడు, కొళాయి చప్పుడు, ఫ్యాను చప్పుడు అన్నీ ఒక్క మోతగా వచ్చేవి. మనుషుల మాట మాత్రం వాటిలో కలిసిపోయేది. నెల తిరక్కుండానే డబ్బా బీరువాలోకి వెళ్లిపోయింది. అప్పటినుంచి ఆవిడ ప్రతి ఉదయం డబ్బా తెచ్చి ఆయన ముందు పెట్టేది. ఆయన వద్దనేవారు.

"రోజూ చెప్తానమ్మా, ఇవాళ నలభై తొమ్మిది పోయాయండీ, ఇవాళా నలభై తొమ్మిది పోయాయండీ అని. ఆయనకి వినపడదనుకో. వినపడేదాకా చెప్తా."

మాస్టారు ఆవిడ పెదాలకేసి చూస్తున్నారు. ఏం చెబుతోందో ఆయనకు తెలుసు.

"పెట్టుకుంటే తల పగులుతోంది. పెట్టుకోకపోతే డబ్బు పోతోందంటుంది," అన్నారు, వినపడనివాళ్లు మాట్లాడే గట్టి గొంతుతో. "నేనేం చేయాలో మీరే చెప్పండి."

సార్ ఆయన్ని లోపలికి తీసుకెళ్లారు. నేనూ ఆవిడా మిగిలాం.

చేతిలో క్యాలిక్యులేటర్ ఉంది కాబట్టి, ఎనభై తొమ్మిది వేల ఐదు వందలను ఇరవై రెండుతో భాగించాను. నాలుగు వేల అరవై ఎనిమిది. అప్పటికి ఆయన వాడిన ఒక్కో రోజుకు పడ్డ ధర అది. నలభై తొమ్మిది అనే అంకె నిజం కావాలంటే అయిదేళ్లపాటు ప్రతిరోజూ ఆయన ఆ మిషన్ పెట్టుకోవాలి. ఆ మాట కార్డు మీద లేదు. నేనూ చెప్పలేదు. క్యాలిక్యులేటర్‌లో వచ్చిన అంకె ఆవిడకు చూపించలేదు. నొక్కి చెరిపేశాను.

ఆవిడకు నేను చెప్పవలసింది ఇంకొకటి ఉంది.

"అమ్మగారూ, ఒక మాట చెప్తాను, ఏమీ అనుకోకండి. రోజూ ఏమీ పోవడం లేదండీ."

"అదేంటి? నువ్వే కదా చెప్పావు?"

"నేను చెప్పింది కొనేముందు లెక్క. డబ్బు మీరు కట్టిన రోజే మొత్తం ఒక్కసారి పోయింది. ఇవాళ ఆయన పెట్టుకున్నా రూపాయి వెనక్కి రాదు, పెట్టుకోకపోయినా ఇంకో రూపాయి పోదు. పెట్టుకుంటే ఆయనకి వినపడుతుందా లేదా అన్నదొక్కటే ఇప్పుడు చూడాలి."

ఆవిడ బ్యాగు మూత తీసి మళ్లీ వేసింది.

"అంటే ఆ డబ్బు గురించి ఇన్నాళ్లూ ఆయన్ని ఊరికే సాధించానా?"

"నేను చెప్పిన లెక్క వల్లే కదండీ."

"ఆ రోజు ఎనభై తొమ్మిది వేలని చెప్పుంటే," అని ఆగింది. "ఏమో, కొనేవాళ్లం కాదేమో. కొన్నా ఒక నెల ఏడ్చి ఊరుకునేవాళ్లం. ఇలా రోజూ కాదు."

కోప్పడి ఉంటే నాకు తేలిగ్గా ఉండేది. ఆవిడ కోప్పడలేదు. కొనే ముందు నొప్పి తెలియకుండా చేసిన అంకె, కొన్నాక ఆ నొప్పినే రోజుకొకటిగా పంచిపెట్టిందని నాకు అప్పుడు అర్థమైంది. సార్ నాకు నేర్పినప్పుడు ఆయనకూ ఈ సంగతి తెలిసి ఉండదు.

లోపల సార్ గంటసేపు కూర్చున్నారు. పదునైన చప్పుళ్లు బాగా తగ్గించి, మొదట రోజుకు రెండు గంటలు మాత్రమే, ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు పెట్టుకోమని కాగితం మీద రాసి ఇచ్చారు. పదిరోజులకొకసారి రమ్మన్నారు. మొదట్లోనే చెప్పి ఉండాల్సిందని మాస్టారితో ఆయనే అన్నారు. అది నా పొరపాటని నేను చెప్పాను. మాస్టారు మా ఇద్దరికేసీ చూసి, "ఎవరిదైతే ఏంలెండి, ఇప్పుడు మిక్సీ కొంచెం మర్యాదగా ఉంటుందా?" అన్నారు.

వాళ్లు పదిరోజులకొకసారి వచ్చారు. మూడోసారి వచ్చినప్పుడు మిషన్లు ఆయన చెవులకే ఉన్నాయి. ఉదయం పేపరు చదువుతూ ఆవిడతో మాట్లాడటానికీ, నెలకోసారి పెన్షనర్ల సమావేశానికీ పెట్టుకుంటున్నారట. బజారుకు పెట్టుకోరు. టీవీ చప్పుడు తగ్గింది గానీ పూర్తిగా కాదు. రోజుకు మూడు గంటలని కంప్యూటర్ చూపించింది. క్యాలెండర్ సంగతి నేను అడగలేదు, ఆవిడ చెప్పలేదు.

వాళ్లు వెళ్లాక ఒక సాయంత్రం వ్యాపారి అన్న మాట సార్‌కు గుర్తుచేశాను.

"పదిహేను రోజులు వాడుకోనిద్దాం సార్. కొంత డబ్బు తీసుకుందాం. కొంటే ధరలో తగ్గిద్దాం. నచ్చనివాళ్లకి అప్పుడే తెలిసిపోతుంది."

"తిరిగొచ్చిన మిషన్ కొత్తదని అమ్మలేం. నష్టం ఎవరిది?"

"వాడి చూడటానికి ఇచ్చేవి రెండు జతలు విడిగా పెట్టుకుందాం. చెవిలోకి వెళ్లే రబ్బరు బుడిపె ఎవరికి వారికి కొత్తది వేద్దాం."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. వారం తరువాత పాత జతలు రెండు తీసి నాకిచ్చారు. పదిహేను రోజులకు పదిహేను వందలు. అంటే రోజుకు వంద. నలభై తొమ్మిదికి రెండింతలు. అయినా దాన్ని నేను జంకు లేకుండా చెప్పగలిగాను. పదహారో రోజున ఆ మనిషి డబ్బా బల్లమీద పెట్టి వెళ్లిపోవచ్చు. వన్ టౌన్ వ్యాపారికి నేనే ఫోన్ చేశాను. మొదట తీసుకెళ్లింది ఆయనే. రోజుకు వందేమిటని బేరమాడాడు గానీ తీసుకెళ్లాడు. పన్నెండో రోజుకే వచ్చి, ఒక్క చెవికి చాలన్నాడు. ఒక్కటే కొన్నాడు. నేను జత అమ్మజూపిన మనిషికి ఒకటి సరిపోయింది.

కార్డు కూడా మారింది. ముందు మొత్తం ధర, దానికింద ఏడాదికి బ్యాటరీల ఖర్చు, చివర రోజు లెక్క, "అయిదేళ్లు రోజూ వాడితే" అన్న మాటతో. రోజు లెక్క తీసేయొద్దని సార్‌తో నేనే అన్నాను. అది ఉపయోగపడే మనుషులు కూడా ఉన్నారు. ఉయ్యూరు దగ్గర ఒక స్కూల్లో పాఠాలు చెప్పే టీచరుగారు కొన్నాక రోజుకు పదహారు గంటలు మిషన్ పెట్టుకునేది. కొనేముందు ఎనభై తొమ్మిది వేలన్న అంకె ఆవిడను ఉన్నదానికంటే ఎక్కువ భయపెట్టింది. వినపడక ఉద్యోగం మానేద్దామనుకున్న మనిషి, రోజు లెక్క చూశాకే పెద్ద అంకెను సరైన కొలతలో చూడగలిగింది. మొత్తం ధర ఒక్కటే చెప్పి ఊరుకున్నా అది పూర్తి నిజం కాదు.

కొత్త కార్డు వచ్చిన నెల నేను తక్కువ అమ్మాను. ఆ తరువాతి నెలా అంతే. సార్ నెలాఖరున అమ్మకాల పుస్తకం ఎక్కువసేపు చూసేవారు.

అదే ఏడాది వేసవిలో మా వీధి చివర ఇంకో చెవి మిషన్ల షాపు తెరిచారు. వాళ్ల బోర్డు మీద "రోజుకు ₹39" అని ఉండేది. తల్లిని వెంటబెట్టుకుని గుడివాడ నుంచి వచ్చిన ఒకామె ఆ షాపు కరపత్రం నా బల్లమీద పెట్టి, "వాళ్లు పది రూపాయలు తక్కువకిస్తున్నారు, మీరెంతకిస్తారు?" అని అడిగింది. కరపత్రం తిరగేసి చూశాను. ధర కింద సన్న అక్షరాల్లో ఉంది, తొంభై తొమ్మిది వేల ఐదు వందలు. వాళ్లు ఏడేళ్లతో భాగించారు. మా జత కంటే పదివేలు ఎక్కువ.

క్యాలిక్యులేటర్ ఆమె చేతికే ఇచ్చి చేయించాను. ఆమె రెండుసార్లు చేసింది. రెండుసార్లూ అదే వచ్చింది.

"నిజమేనండీ," అంది. తల్లి వైపు తిరిగి చెవి దగ్గర గట్టిగా వివరించింది. ముసలావిడ తల ఊపింది. ఇద్దరూ నాకు థాంక్స్ చెప్పి మెట్లు దిగారు.

కిటికీలోంచి చూస్తే వాళ్లు వీధి చివరికే నడిచారు. గంట తరువాత ఆ షాపు సంచితో ఆటో ఎక్కుతూ కనిపించారు. తరువాత ఎప్పుడో ఆ షాపులో పనిచేసే అమ్మాయి టీ బండి దగ్గర కలిసినప్పుడు అడిగితే, "వాళ్లమ్మకి రాగి రంగు మిషన్ నచ్చిందక్కా, మీ దగ్గర అన్నీ బూడిద రంగేనంట," అంది.